అప్‌డేట్: అమ్మకు మందు పడలేదన్న అనుమానం, ఫార్మసీకి ఇచ్చిన వివరాలు

నా ప్రశ్న: "మాత్రలు వేసుకున్నాక అమ్మకు దద్దుర్లు వచ్చాయి. ఫిర్యాదులో ఏమేమి రాయాలి?"

విశాఖపట్నంలో మేము చూపించుకునే ఆసుపత్రి ఫార్మసిస్టు గారు ముందుగా తేదీలే అడిగారు. కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ మాత్ర 3న మొదలైంది, దద్దుర్లు 10న కనిపించాయి, మాత్ర 11న ఆపాము, 15కల్లా తగ్గాయి. ఆపాక తగ్గడం అనుమానాన్ని బలపరుస్తుందని, కానీ 11నే అలర్జీ తగ్గించే సెట్రిజిన్ కూడా మొదలుపెట్టినందున ఆ మెరుగుదల దేనివల్లో తేల్చలేమని, అందుకే సెట్రిజిన్‌తోపాటు పాత బీపీ మాత్రనూ తప్పక రాయాలని ఆయన వివరించారు. కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్‌పై బ్యాచ్ నంబరు లేకపోయినా, బిల్లులో దొరికింది. రోగి పేరుకు బదులు పొడి అక్షరాలు, వయసు చాలు. మందే కారణమని నిరూపించనవసరం లేదు. మందుల దుష్ప్రభావాల వివరాలు సేకరించే, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు రోగి తరఫువారు కూడా 1800-180-3024 ద్వారా నేరుగా తెలియజేయవచ్చు.