యూట్యూబ్ డాలర్లు: బ్యాంకులో పడినంతే ఆదాయమా?

గోదావరి వంట
నాది వంటల ఛానల్. పక్కన ఉద్యోగమూ ఉంది. నా వీడియోలు చూసేవారిలో చాలామంది అమెరికాలోని మనవాళ్లే. ఒక నెల సంపాదన 800 డాలర్లయితే చేతికి 755 వచ్చాయి. మిగతా 45 అమెరికా పన్ను అట. 2024-25 రిటర్నులో ఏ అంకె రాయాలి? మాకు తెలిసిన అకౌంటెంట్ బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటి చాలంటున్నారు.

సూటిమాట
బ్యాంకులో పడిందే రాయండి. రెండు దేశాలకూ ఒప్పందం ఉంది, ఒకే డబ్బుకు రెండుసార్లు పన్ను ఉండదు. అక్కడ కోశాక ఇక్కడ ఇంకేం గొడవ?

పద్దుల పుస్తకం
ఒప్పందం ఉన్న మాట నిజమే. అయితే ఆ 45 డాలర్లు మన లెక్కలోకి రావని అది చెప్పదు. 800 మొత్తం ఆదాయంగా చూపాలి, 45కు ఫారం 67 వేసి క్రెడిట్ అడగాలి, అంటే అక్కడ కట్టిన పన్నును ఇక్కడి పన్నులో తగ్గించమనాలి. బ్యాంకు అంకె రాస్తే ఆదాయం తగ్గించి చూపినట్టవుతుంది, క్రెడిట్ కూడా పోతుంది.

అసలు 45 ఎలా వచ్చిందంటే, ఆ 800లో అమెరికా ప్రేక్షకుల వాటా 300 అయి ఉండాలి. పన్ను దానికే, 15 శాతం. మీరు అమెరికావారు కాదని చెప్పే W-8BEN ఫారం నింపి, అందులో పాన్ నంబరు ఇచ్చారు కాబట్టే ఈ రేటు. ఆ ఫారం సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో క్యాలెండర్ సంవత్సరం చివరిదాకా చెల్లుతుంది. 2021లో ఇచ్చినవారికి 2024 డిసెంబరు 31తో తీరిపోయింది. మళ్లీ ఇవ్వకపోతే కోత పెరుగుతుంది. 15 శాతానికి మించి కోసినదానికి మన దగ్గర క్రెడిట్ రాదు.

చీరల ముచ్చట్లు
నాకు ఒక దుకాణం ప్రకటన డబ్బులో 10 శాతం కోసుకుంది. అది మన పన్ను శాఖ చూపే కోతల పట్టిక 26ASలో కనిపిస్తోంది. దీనికీ ఫారం 67 వేయాలా?

పద్దుల పుస్తకం
అక్కర్లేదమ్మా, అది ఇక్కడి టీడీఎస్, నేరుగా రిటర్నులో సర్దుకుంటుంది. అమెరికా కోత మాత్రం 26ASలో ఎప్పటికీ కనబడదు. దానికి ఆధారం మనమే దాచుకోవాలి.

గోదావరి వంట
ఏం దాచాలి? మార్చిలో అమెరికా పన్ను కోత చూపుతూ 1042-S అని ఒక కాగితం వచ్చింది.

పద్దుల పుస్తకం
చిక్కు అక్కడే ఉంది. 1042-S జనవరి నుంచి డిసెంబరు వరకు, మన ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి వరకు. 2024 కాగితంలో మొదటి మూడు నెలలు మీ 2023-24వి. 2025 జనవరి-మార్చి కోతలు ఇంకో కాగితంలో, అదీ 2026లో వస్తాయి. అందుకే యాడ్‌సెన్స్ లావాదేవీల పేజీని నెలనెలా దించుకోండి. పన్ను కోత అందులో విడి వరుసగా ఉంటుంది. ఒక షీటులో నెల, మొత్తం డాలర్లు, అమెరికా పన్ను, చేతికొచ్చిన డాలర్లు, బ్యాంకు ఇచ్చిన రూపాయలు, బ్యాంకు ఛార్జీలు రాసుకోండి. పన్నును రూపాయల్లోకి మార్చేటప్పుడు, కోసిన నెలకు ముందు నెల చివరి రోజు స్టేట్ బ్యాంకు టీటీ కొనుగోలు రేటు వాడాలి. 2024-25కు ఫారం 67 గడువు 2026 మార్చి 31.

సూటిమాట
సరే, ఒప్పుకున్నాను. అయితే కోసిందంతా తిరిగి వస్తుందిగా?

పద్దుల పుస్తకం
రాదు! చాలామంది ఆశపడేది ఇక్కడే. ప్రతి నెలా ఇలాగే ఉందనుకుందాం, డాలరుకు 84 రూపాయలు. ఏడాదికి అమెరికా వాటా 3,600 డాలర్లు, అంటే 3,02,400 రూపాయలు. అక్కడి పన్ను 45,360. ఖర్చులు పోను అందులో సగం, 1,51,200 లాభంగా చూపారనుకోండి. జీతంతో కలిపి మీ సగటు పన్ను 10 శాతమైతే, ఆ లాభంపై ఇక్కడి పన్ను 15,120. క్రెడిట్ అంతవరకే. మిగతా 30,240 వచ్చే ఏడాదికి మోసుకెళ్లే వీలు లేదు. అక్కడ మొత్తం రాబడిపై కోస్తారు, ఇక్కడ లాభంపై లెక్కేస్తారు, అందుకే ఈ తేడా. 2024-25కు కొత్త విధానంలో మొత్తం ఆదాయం 7 లక్షల లోపుంటే ఇక్కడ పన్నే పడదు కాబట్టి క్రెడిట్ కూడా సున్నా. అయినా 800 లెక్కనే చూపాలి.

డల్లాస్ గాలి
నేను అమెరికాలోనే ఉంటాను, పన్నుల లెక్కలో ఇక్కడి నివాసిని. W-9 ఇచ్చాను, నాకు ఏ కోతా లేదు.

పద్దుల పుస్తకం
మీరు అక్కడే రిటర్ను వేస్తారు, మీ దారి వేరండీ.

గోదావరి వంట
ఇంకొక్క మాట. సగం లాభంగా చూపడమంటే, కొన్ని వృత్తులవారికి ఆ వీలిచ్చే 44ADA సెక్షనే కదా. అయితే రిటర్ను ఫారాల్లో ITR-4 సరిపోతుందా?

పద్దుల పుస్తకం
విదేశీ పన్నుకు క్రెడిట్ అడిగితే ITR-4 కుదరదు, ITR-3 వేయాలి. సగం లెక్క అందులోనూ చూపవచ్చు.

ఆడిటరు పక్కింటి
అసలు వంటల ఛానల్ 44ADA కింద వృత్తి అవుతుందా? ఆ సెక్షన్ చెప్పే వృత్తుల్లో యూట్యూబ్ పేరు లేదు. మా ఆఫీసులో ఇద్దరు ఆడిటర్లు చెరో మాట చెబుతారు.

పద్దుల పుస్తకం
రిటర్ను ఫారాల్లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు 16021 కోడ్ ఇచ్చారు, వృత్తుల వరుసలోనే పెట్టారు. అందుకే నేను అటే మొగ్గుతాను.

ఆడిటరు పక్కింటి
కోడ్ ఇవ్వడం వేరు, సెక్షన్ మార్చడం వేరు. నేనైతే కెమెరా, కరెంటు, సరుకుల బిల్లులు పెట్టుకుని అసలు ఖర్చులతోనే లెక్క చూపిస్తాను.