ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు సీఓటూ సెన్సర్: ఒకే అంకె చాలదా, రెండు పెట్టాలా, టైమరే మేలా?

కొర్లగుంట మాస్టారు
తిరుపతిలో ఇంట్లోనే ట్యూషన్ చెప్తాను. గది 12 అడుగులు బై 15, ఎత్తు 10. సాయంత్రం పన్నెండు మంది పిల్లలు, నేను. ఏసీ వేస్తాం కాబట్టి కిటికీలు మూసేస్తాం. గోడకు 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది, గంటకు 600 క్యూబిక్ మీటర్లు లాగుతుందని డబ్బా మీద రాశారు. దానికి MH-Z19B సెన్సర్, రిలే తగిలించాను. 1000 పీపీఎం దాటితే ఆన్, తగ్గితే ఆఫ్. ఒకరోజు రిలే పాఠం మధ్యలో టక్కుటక్కుమని కొట్టుకుంటూనే ఉంటుంది, ఇంకోరోజు ఫ్యాన్ ఆన్ అయిందంటే ఆగనే ఆగదు. అంకె మార్చాలా, డిలే పెట్టాలా?

ఈసీఈ ఫైనలియర్
సార్, ఇందులో పెద్ద విషయమేమీ లేదు. సెన్సర్ అంకె 995, 1004, 998 అని ఊగుతూ ఉంటుంది, మీ రిలే దానితో పాటు ఊగుతోంది. ఒకసారి ఆన్ అయితే 5 నిమిషాలు, ఆఫ్ అయితే 5 నిమిషాలు కదలకుండా డిలే పెట్టండి. రెండు అంకెలు అక్కర్లేదు. మా ప్రాజెక్టులో అలాగే చేశాం, బాగానే నడిచింది.

రిటైర్డ్ తాతయ్య
మా కాలంలో ట్యూషన్ వేపచెట్టు కింద చెప్పేవాళ్లు. కిటికీ తెరిస్తే పోయేదానికి ఇంత సరంజామానా?

కొర్లగుంట మాస్టారు
తాతయ్యా, మే నెలలో సాయంత్రం నాలుగింటికి మా కిటికీ తెరిచి చూడండి, పెనం మీద కూర్చున్నట్టు ఉంటుంది. డిసెంబరులో మీ మాటే నా మాట.

చిత్తూరు కూలింగ్
పాతికేళ్లుగా ఏసీ, కోల్డ్ స్టోరేజ్ పనులు చేస్తున్నా. మాస్టారూ, కోడ్ జోలికి పోకముందు గది లెక్క చూద్దాం.

కూర్చుని రాసుకునే పిల్లలు ఒక్కొక్కరు గంటకు సుమారు 15, 16 లీటర్ల సీఓటూ వదులుతారు. మీతో కలిపి పదముగ్గురు, గంటకు 200 లీటర్లు అనుకోండి. మీ గదిలో గాలి 51 క్యూబిక్ మీటర్లు, అంటే 51 వేల లీటర్లు. ఫ్యాన్ ఆగి ఉంటే నిమిషానికి సుమారు 65 పీపీఎం పెరుగుతుంది. 800 నుంచి 1000కి మూడు నిమిషాలు.

ఇప్పుడు ఫ్యాన్ నిజంగా 600 లాగుతోంది అనుకుందాం. బయటి గాలిలోనే 420 దాకా ఉంటుంది. పిల్లలు వదిలే 200 లీటర్లు 600 క్యూబిక్ మీటర్లలో కలిస్తే దాని మీద ఇంకో 330. అంటే నిండు క్లాసులో ఫ్యాన్ ఎంతసేపు తిరిగినా 750 కంటే కిందికి దిగదు. 1000 నుంచి 800కి దిగడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. కాబట్టి 1000కి ఆన్, 800కి ఆఫ్ పెడితే ఎనిమిది నిమిషాలు తిరిగి, మూడు నిమిషాలు ఆగుతుంది. ఈ లెక్క తెలియకుండా ఎవరో చెప్పారని 700కి ఆఫ్ పెట్టారనుకోండి, పిల్లలు ఇంటికి పోయేదాకా ఫ్యాన్ ఆగదు.

ఒకటి అడుగుతా. ఫ్యాన్ ఆగని రోజున గది తలుపు వేసి ఉందా, తెరిచి ఉందా?

పద్మావతీపురం అక్క
మా బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది. దాని పొగకు మనుషులు పోయారని పేపర్లో చూసినప్పటి నుంచి టెన్షన్. ఈ సెన్సర్ పెట్టుకుంటే అలారం కొడుతుందా?

చిత్తూరు కూలింగ్
కొట్టదు అక్కా. గీజర్‌తో ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్, అది వేరే గ్యాసు. ఈ సెన్సర్‌కు అది కనిపించదు, అది ఎంత ఉందో ఈ అంకె చెప్పదు. దానికి కార్బన్ మోనాక్సైడ్ అలారమని విడిగా దొరుకుతుంది. అంతకంటే ముందు గీజర్‌ను బాత్రూం బయట గాలి ఆడే చోటికి మార్పించండి, ఆలస్యం చేయొద్దు.

ఈసీఈ ఫైనలియర్
అన్నా, మీ లెక్క బాగుంది కానీ నా డిలేతోనూ రిలే కొట్టుకోవడం ఆగుతుంది కదా. తప్పేముంది?

చిత్తూరు కూలింగ్
ఆగుతుంది తమ్ముడూ, ఆ మాట కాదనను. నలుగురు పిల్లలే వచ్చిన రోజు నీ పద్ధతి చక్కగా నడుస్తుంది. నిండు క్లాసులో చూడు. ఐదు నిమిషాలు ఫ్యాన్ తిరిగాక 1000 దిగువకు వచ్చింది కాబట్టి ఆఫ్. మళ్లీ 1000 దాటినా నీ డిలే ఇంకా పూర్తి కాలేదు, పెరుగుతూనే ఉంటుంది. ఆ ఐదు నిమిషాల్లో 325 పెరుగుతుంది. నాలుగైదు సార్లు ఇలా జరిగేసరికి గది 940కి, 1260కి మధ్య ఊగుతూ స్థిరపడుతుంది. 1000 దాటకూడదని పెట్టుకున్న మనిషికి సగానికి పైగా సమయం దాటే ఉంటుంది. టైమర్‌కు గదిలో ఎంతమంది ఉన్నారో తెలియదు, రెండు అంకెల మధ్య ఎడానికి తెలుస్తుంది. మంది ఎక్కువైతే త్వరగా ఆన్ అవుతుంది, తక్కువైతే ఆలస్యంగా.

డిలే వద్దనడం లేదు. ఫ్యాన్ మోటారు ఊరికే ఆగి తిరగకుండా చిన్న కాపలాగా ఉంచాలి, అంతే.

ఈసీఈ ఫైనలియర్
ఒప్పుకున్నా. అయితే కోడ్ నేను రాస్తా సార్, వాడుకోండి. `ppm` అంటే ఒక నిమిషం సగటు ఇవ్వండి, ఎవరైనా సెన్సర్ దగ్గర దగ్గినా ఫ్యాన్ ఉలిక్కిపడకుండా.

```
bool fan = false;
unsigned long changed = 0;

void setFan(bool on) {
  fan = on;
  changed = millis();
  digitalWrite(RELAY, on ? HIGH : LOW);
}

void decide(int ppm) {
  unsigned long held = millis() - changed;
  if (!fan && ppm >= 1000 && held >= 2 * 60000UL) setFan(true);
  else if (fan && ppm <= 800 && held >= 5 * 60000UL) setFan(false);
}
```

కొన్ని రిలే బోర్డులు తిరగేసి పనిచేస్తాయి, LOW ఇస్తే ఆన్ అవుతాయి. మీది అలాంటిదైతే HIGH, LOW తారుమారు చేయండి. సెన్సర్ వేడెక్కడానికి మూడు నిమిషాలు పడుతుంది, అందాకా వచ్చే అంకెను నమ్మొద్దు. ఇంకోటి, వైరు ఊడి సెన్సర్ నుంచి ఏమీ రాకపోతే పాత అంకె పట్టుకుని కూర్చోకుండా ఫ్యాన్ ఆన్ అయ్యేలా రాసుకోండి. ఇది మా ప్రాజెక్టు వైవాలో నన్ను పట్టుకున్న ప్రశ్న.

కొర్లగుంట మాస్టారు
కోడ్ ఎక్కించాను, చప్పుడు పోయింది. చిత్తూరు అన్న అడిగింది కూడా చూశాను. పక్కింట్లో టీవీ గోల ఉన్న రోజుల్లో తలుపు గట్టిగా వేస్తాను, ఫ్యాన్ ఆగనిది సరిగ్గా ఆ రోజుల్లోనే. నిన్న కావాలనే తలుపు వేసి అరగంట చూశాను. 1090 దగ్గరికి వచ్చి అక్కడే నిలబడింది. తలుపు తీయబోతే ఎవరో అటువైపు నుంచి పట్టుకున్నట్టు బరువుగా వచ్చింది.

చిత్తూరు కూలింగ్
ఆ బరువే జవాబు. ఫ్యాన్ లాగుతోంది, లోపలికి వచ్చే దారి లేదు. మీ 1090లో బయటి 420 తీసేస్తే 670. గంటకు 200 లీటర్లు వదులుతూ 670 దగ్గర నిలబడిందంటే గాలి 300 క్యూబిక్ మీటర్లే మారుతోంది, డబ్బా మీద ఉన్నదాంట్లో సగం. పిల్లల సంఖ్య మారకుండా అంకె ఎక్కడ ఆగుతుందో చూస్తే ఈ సెన్సరే గాలి మీటర్ కూడా. ఆఫ్ అంకె 1100కి పెంచితే ఫ్యాన్ ఆగినట్టే కనిపిస్తుంది, గదిలో గాలి మాత్రం మారదు.

తలుపు కింది భాగంలో గానీ ఎదురు గోడలో గానీ ఒక చదరపు అడుగు జాలీ పెట్టించండి. ఫ్యాన్ పక్కనే పెట్టించొద్దు, వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది. సెన్సర్ ఎక్కడుంది? ఏసీ గాలి కింద గానీ, మీ కుర్చీకి ఎదురుగా గానీ ఉంటే మార్చండి. పిల్లలు కూర్చున్నప్పుడు ముఖం వచ్చే ఎత్తులో, వాళ్లకు మూడడుగుల ఎడంగా ఉంటే నయం.

అలిపిరి పీజీ
మా రూములో నలుగురం, ఇద్దరివి నైట్ షిఫ్టులు, గది ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఇదే సెన్సర్ పెట్టాను. మొదట్లో తెల్లవారుజామున 1800 చూపించేది, రెండు నెలలకు 900 చూపిస్తోంది. గాలి మెరుగైందని సంతోషించాను, కానీ తలనొప్పి మాత్రం అలాగే ఉంది.

ఈసీఈ ఫైనలియర్
మెరుగవలేదు బ్రో. ఆ సెన్సర్ రోజులో తనకు కనిపించిన అతి తక్కువ అంకెను బయటి గాలి అనుకుని 400గా సర్దుకుంటుంది. మీ గది ఎప్పుడూ బయటి గాలి దాకా దిగదు కాబట్టి రోజూ కొంచెం కొంచెం అబద్ధం నేర్చుకుంది. లైబ్రరీలో `autoCalibration(false)` పెట్టి, మేడ మీద అరగంట ఉంచి సున్నా సరిచేయండి. మాస్టారు గది పగలంతా ఖాళీ, ఆయనకు ఆ సర్దుబాటే మంచిది.

కరెంటు బిల్లు బాధితురాలు
అందరూ 1000ని దేవుడి మాటలా పట్టుకున్నారు. బయట 40 డిగ్రీలు, లోపల 26 ఉన్నప్పుడు గంటకు 600 క్యూబిక్ మీటర్ల వేడిగాలి లోపలికి వస్తే దాన్ని చల్లబరచడానికే దాదాపు 2.8 కిలోవాట్ల చలువ కావాలి. టన్నున్నర ఏసీలో సగానికి పైగా అదే తినేస్తుంది. 1200కి ఆన్, 900కి ఆఫ్ పెట్టుకోవచ్చు కదా. అప్పుడు ఐదున్నర నిమిషాలు తిరిగి నాలుగున్నర ఆగుతుంది. అయినా ఆ వెయ్యి ఎక్కడిది? 1858లో జర్మనీలో పెటెన్‌కోఫర్ అనే ఆయన మనుషుల వాసన తెలియకుండా ఉండాలంటే ఇంత అని చెప్పిన లెక్క. ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటల పనికి 5000 దాకా ఒప్పుకుంటారు.

చిత్తూరు కూలింగ్
అమ్మా, ఏసీ లెక్క సరిగ్గానే చెప్పారు, వెయ్యి పుట్టుక కూడా నిజమే. కానీ 5000 అన్నది ఆ గ్యాసు వల్ల వచ్చే హానికి హద్దు. మనం ఇక్కడ చూసేది గ్యాసును కాదు, ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరు ఎంత పీలుస్తున్నారన్నది. పన్నెండు మందిలో ఒకడికి జలుబైతే ఆ తేడా వారంలో కనిపిస్తుంది. నేనైతే వెయ్యి దాటనివ్వను.

కరెంటు బిల్లు బాధితురాలు
బిల్లు మీరు కడితే నేనూ దాటనివ్వను అన్నా. జలుబు పిల్లాడిని ఇంటికి పంపడం ఇంకా చవక.

కొర్లగుంట మాస్టారు
జాలీ పెట్టించాను. తలుపు వేసి ఉన్నా నిండు క్లాసులో తొమ్మిది నిమిషాలు తిరిగి మూడు నిమిషాలు ఆగుతోంది, లెక్కకు దగ్గరగానే వచ్చింది. ప్రస్తుతానికి 1000, 800 మీదే నడుపుతున్నా. మేలో బిల్లు వచ్చాక 1200, 900 మాట గురించి ఆలోచిస్తాను. తలుపు కోసినందుకు ఇంటి ఓనరు మాత్రం రెండు రోజులుగా మాట్లాడటం లేదు.