టేలర్ రూల్ లెక్కలో ఇన్‌ఫ్లేషన్ విడిగా ఎప్పుడు కలపాలి?
అన్నా, అక్కా, కావలిలో ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నా, ఈ లెక్క ఎట్టా చెయ్యాలో చూడండి. ఇన్‌ఫ్లేషన్ 5 శాతం, టార్గెట్ 2, అవుట్‌పుట్ గ్యాప్ మైనస్ 2, న్యూట్రల్ రియల్ రేటు 2, వెయిట్లు రెండూ 0.5. నేను 2 + 0.5×3 − 0.5×2 వేసి 2.5 రాశా, ఆన్సర్ 7.5 అంట. ఒంగోల్లో మా ఫ్రెండ్ ఏమంటాడంటే నాకొచ్చింది రియల్ రేటు, పాలసీ రేటు నామినల్ కాబట్టి ఇన్‌ఫ్లేషన్ 5 కూడా కలపాలి, ధరలు 5 శాతం పెరిగేటప్పుడు రేటు 2.5 పెడితే రియల్‌గా మైనస్ 2.5 అయిపోద్ది, అప్పులు ఇంకా పెరుగుతాయి గానీ ధరలు తగ్గవు అని. అది అర్థమైంది. కానీ ఇంకో లెక్కలో న్యూట్రల్ రేటు 4 అని మాత్రమే ఇచ్చారు, రియలో నామినలో చెప్పలా. అది నామినల్ అనుకుని 4 + 1.5×3 − 1 వేస్తే మళ్లీ 7.5 వచ్చింది, అంటే నామినల్ ఇస్తే 5 కలపకుండా వెయిట్ 1.5 వాడాలా? పరీక్షలో ఏదిచ్చారో ఎట్టా గుర్తుపట్టాలి?