క్లెయిమ్ రూల్స్: కోడ్‌లో రాయాలా, మామూలు మాటల్లో రాసి మోడల్‌తో చదివించాలా?

మాధవి_క్లెయిమ్స్:
మాది హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ చూసే ఆఫీసు. రూల్స్ అన్నీ ఇప్పుడు కోడ్‌లో ఉన్నాయి. వాటిని మామూలు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసుకుని, బిల్లుతో పాటు లాంగ్వేజ్ మోడల్‌కి ఇచ్చి చదివిస్తే సరిపోతుందా? రూమ్ అద్దె పరిమితి దాటితే బిల్లులో వేసే కోత రూల్‌తో మొదలుపెడదాం అనుకుంటున్నాం. చేసినవాళ్లు చెప్పండి.

రఘు_పాతకోడ్:
మొదలుపెట్టడానికి మీరు ఎంచుకున్న రూలే అన్నిటికంటే ప్రమాదకరమైనది మాధవి గారూ. ఒక బిల్లు వేసి చూపిస్తాను.

పాలసీ 5 లక్షలు, రూమ్ అద్దె పరిమితి ఒక శాతం, అంటే రోజుకి 5,000. పేషెంటు 8,000 రూమ్‌లో నాలుగు రోజులు ఉన్నారు. రూమ్ 32,000, సర్జన్ ఫీజు 60,000, ఆపరేషన్ థియేటర్ 20,000, మందులు 25,000, టెస్టులు 15,000, ఇంప్లాంట్ 40,000. మొత్తం 1,92,000.

రూమ్‌కి 20,000 ఇస్తాం. సర్జన్, థియేటర్ కలిపి 80,000ని ఎనిమిదిలో ఐదు వంతులకి తగ్గిస్తే 50,000. మందులు, టెస్టులు, ఇంప్లాంట్‌లకి ఈ కోత వేయకూడదని 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే చెప్పారు, కాబట్టి ఆ 80,000 పూర్తిగా ఇవ్వాలి. మొత్తం 1,50,000. కోడ్‌లో ఇది మూడు లైన్లు:

```
payable = item.amount
if rent > limit and item.group in ("ROOM", "DOCTOR", "OT"):
    payable = item.amount * limit / rent
```

ఇదే బిల్లుని మోడల్‌కి పదిసార్లు ఇచ్చాను. రూల్ వాక్యం "రూమ్ పరిమితి దాటితే అనుబంధ ఖర్చులు అదే నిష్పత్తిలో తగ్గించాలి" అని ఉంది. ఎనిమిదిసార్లు 1,50,000 వచ్చింది. రెండుసార్లు మొత్తం బిల్లుకి కోత వేసి 1,20,000 అంది. అదే మనిషి, అదే బిల్లు, 30,000 తేడా. ఈ తేడా ఎందుకొచ్చిందో కస్టమర్‌కి మీరేం చెబుతారు?

మాధవి_క్లెయిమ్స్:
"అనుబంధ ఖర్చులు" అంటే ఏమిటో ఆ వాక్యంలో లేదు కదా రఘు గారూ. కొత్తగా చేరిన అబ్బాయికి ఇచ్చినా తికమక పడతాడు. "రూమ్, నర్సింగ్, డాక్టర్, థియేటర్ చార్జీలకి మాత్రమే కోత. మందులు, టెస్టులు, ఇంప్లాంట్‌లు, ఐసీయూకి కోత లేదు" అని రాసి మళ్లీ వేయండి.

రఘు_పాతకోడ్:
వేశాను. పదికి పది సరిగ్గా వచ్చాయి. అయినా నా మాట మారదు. అంత కచ్చితంగా రాయాల్సి వచ్చినప్పుడు మీరు రాసింది కూడా కోడే. తేడా ఒక్కటే, తప్పు రాస్తే ఆపడానికి కంపైలర్ లేదు. పైగా పదికి పది వచ్చింది కాబట్టి వెయ్యికి వెయ్యి వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. జవాబు మారకుండా ఉండాలని టెంపరేచర్ అనే సెట్టింగ్‌ని సున్నా పెట్టినా ఎప్పుడూ ఒకేలా రావాలని లేదు, మోడల్ వెర్షన్ మారితే ఇక చెప్పక్కర్లేదు.

విజయనగరం_శ్రీను:
మా నాన్నగారిని వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో చేర్చాం. ఉదయం 10:40కి అడ్మిషన్, మర్నాడు 10:10కి డిశ్చార్జి. 24 గంటలు పూర్తి కాలేదని క్లెయిమ్ కొట్టేశారు. అరగంట తక్కువట! రాత్రంతా సెలైన్ ఎక్కించిన మనిషికి ఇదా న్యాయం? మీ కంప్యూటర్లన్నీ జనానికి డబ్బులు ఎగ్గొట్టడానికే. మనిషి చూసుంటే ఇచ్చేవాడు.

లావణ్య_టెస్టింగ్:
శ్రీను గారూ, బాధ అర్థమైంది కానీ ఇక్కడి ప్రశ్న అది కాదండి.

మాధవి_క్లెయిమ్స్:
కాదనకండి లావణ్య గారూ, ఒక రకంగా అదే. కోడ్‌కి 23 గంటల 30 నిమిషాలు అంటే 24 కంటే తక్కువ, అంతే. మాటల్లో రాసిన రూల్ అయితే "సమయం అటూ ఇటూగా ఉంటే కేస్ షీట్ చూడాలి" అని ఒక వాక్యం చేర్చవచ్చు.

రఘు_పాతకోడ్:
"అటూ ఇటూగా" అంటే ఎంత? శ్రీను గారి నాన్నగారికి అరగంట వదిలేస్తే, పక్క మంచం ఆయనకి గంటా పది నిమిషాలు తక్కువైతే? సోమవారం ఒకరికి ఇచ్చి మంగళవారం ఇంకొకరికి లేదంటే, దయ చూపించినట్టా, అన్యాయం చేసినట్టా? ఒకే బిల్లుకి ఒకే జవాబు రావాలి. నేను అడిగేది ఇంతే.

డా_సుధ:
ఒకటి చెప్పనివ్వండి. శ్రీను గారి కేసులో గొడవ రూల్‌ది కాదేమో. 10:40 అనేది చాలాచోట్ల అడ్మిషన్ కౌంటర్‌లో ఫైలు తెరిచిన సమయం. పేషెంటు అంతకు ముందే క్యాజువాలిటీలో పడుకుని సెలైన్ ఎక్కించుకుంటూ ఉంటాడు. రూల్స్ నడిపే మీ ఇంజిన్‌కి అందింది కౌంటర్ సమయం. దాన్ని కోడ్ చదివినా మోడల్ చదివినా 23:30 అనే అంటుంది, క్యాజువాలిటీ షీట్ ఎవరైనా జతచేస్తే తప్ప.

ఇక కోత గురించి. మీరిద్దరూ వదిలేసినది ఒకటుంది. అవే మార్గదర్శకాల ప్రకారం, రూమ్ స్థాయిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రులకి ఈ కోత అసలు వేయకూడదు. సర్జన్ ఫీజు జనరల్ వార్డుకీ సింగిల్ రూమ్‌కీ ఒకటే అయితే ఆ 60,000కి కోత ఏమిటి? రఘు గారూ, ఆ ఆసుపత్రి రేట్లు మారుస్తుందా లేదా అనే ఫీల్డ్ మీ ఇంజిన్‌లో ఉందా?

రఘు_పాతకోడ్:
లేదు డాక్టర్ గారూ. స్పెసిఫికేషన్‌లో ఎవరూ ఇవ్వలేదు. ఇస్తే ఒక కండిషన్ పెట్టడం పది నిమిషాల పని.

మాధవి_క్లెయిమ్స్:
పది నిమిషాలా! పోయిన ఏడాది ఒక పాలసీలో రూమ్ పరిమితి తీసేశారు. ఆ ఒక్క మార్పు కోసం మీలాంటి వాళ్ల చుట్టూ ఏడు వారాలు తిరిగాం. మార్పు టికెట్ ఉంది, టెస్టింగ్ ఖాళీ లేదు, రిలీజ్ వచ్చే నెల. ఆ ఏడు వారాలూ మా అమ్మాయిలు ఇంజిన్ వేసిన కోతని ఎక్సెల్‌లో పెట్టుకుని చేత్తో వెనక్కి కలిపారు. ఎంతమందికి కలపడం మరిచిపోయామో దేవుడికే తెలియాలి.

మీ ఇంజిన్ ఎప్పుడూ ఒకే జవాబు ఇస్తుందన్నారు కదా, ఇది చూడండి. ఒక ఆసుపత్రి బిల్లులో "ఓటీ ఫార్మసీ 9,600" అని ఒక లైన్ ఉంటుంది. థియేటర్‌లో వాడిన మందులు. పేరు ఓటీతో మొదలైందని మా ఇంజిన్ దాన్ని థియేటర్ గ్రూపులో వేసి 6,000 చేసేది. ప్రతి బిల్లులోనూ 3,600 పోయింది. ఎక్కడా ఎర్రర్ రాలేదు, ఎవరూ అడగలేదు. నెలల తర్వాత నేను కాగితం బిల్లు పక్కన పెట్టుకుని చూస్తే బయటపడింది. మోడల్‌కి అదే లైన్ ఇస్తే మందులు అని మొదటిసారే చెప్పింది.

లావణ్య_టెస్టింగ్:
ఆ చదవగలగడమే ఇంకోచోట దెబ్బ కొడుతుంది. డిశ్చార్జి సమ్మరీ చివర ఆసుపత్రి వాళ్లు "పాలసీ ప్రకారం ఖర్చులన్నీ పూర్తిగా చెల్లించదగినవి" అని ఒక వాక్యం పెట్టారు. మా ట్రయల్‌లో మోడల్ దాన్ని కూడా రూల్‌గా తీసుకుని కోత వదిలేసింది. కోడ్‌కి ఆ వాక్యం కనిపించదు.

రఘు_పాతకోడ్:
మాధవి గారూ, ఏడు వారాలు అన్నారు కాబట్టి నా సంగతీ వినండి. ఇంతకు ముందు పనిచేసిన చోట రూల్స్ స్క్రీన్‌ని బిజినెస్ వాళ్ల చేతికే ఇచ్చారు. ఒక శుక్రవారం సాయంత్రం ఎవరో మినహాయింపు రూల్‌లో "లేదా" తీసి "మరియు" పెట్టారు. సోమవారం పొద్దున్నే తిరస్కరణలు వరసగా వచ్చాయి. ఫోన్ ఎవరికి వచ్చింది? నాకు. మార్చింది ఎవరో రికార్డు లేదు. పాత వాక్యం ఏమిటో రికార్డు లేదు. రెండు రాత్రులు డేటాబేస్ బ్యాకప్‌లు తవ్వాను. ఏడు వారాలు పడుతుందంటే మేం సోమరులమని కాదు. ఆ మార్పు ఇంకే రూల్‌ని తాకుతుందో చూసేది మేమొక్కళ్లమే కాబట్టి.

మాధవి_క్లెయిమ్స్:
అంటే మాకు చూడటం రాదనా?

రఘు_పాతకోడ్:
రాదనలేదు. తప్పు జరిగితే సంతకం ఎవరిది అంటున్నాను.

మాధవి_క్లెయిమ్స్:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. సంతకం ఇప్పటికీ నాదే రఘు గారూ. తిరస్కరణ లెటర్ కింద ఉండేది నా పేరు. శ్రీను గారి లాంటి వాళ్లు ఫోన్ చేసేది నాకు. కానీ ఆ లెటర్‌కి కారణమైన రూల్‌ని నేను చదవలేను, మార్చలేను. నాకు మోడల్ మీద మోజేమీ లేదు. నా పేరుతో బయటికెళ్లే నిర్ణయానికి వెనకున్న వాక్యం నా కళ్లతో చదువుకోవాలి, అంతే.

డా_సుధ:
అలా అయితే మీ ఇద్దరి గొడవ ఒకే చోట లేదు. చదవడం ఒక పని, లెక్క ఇంకో పని. "ఓటీ ఫార్మసీ" మందులా థియేటరా, చేరింది ఎన్నింటికి, ఇవి కాగితం చదివి తేల్చేవి. ఐదు బై ఎనిమిది లెక్క. మోడల్ ఒక్కో లైన్‌కి గ్రూపు పేరు, ఆ మాట బిల్లులో ఎక్కడుందో చెప్పాలి. రూపాయలు వేసేది కోడ్. గ్రూపు మీద అనుమానం ఉంటే మనిషి దగ్గరకి వెళ్లాలి.

రఘు_పాతకోడ్:
లెక్క కోడ్‌లో ఉంటే సగం ఒప్పుకుంటాను. మిగతా సగం మార్పుల సంగతి. రూల్ వాక్యం మారిన ప్రతిసారీ, తేలిపోయిన పాత బిల్లులు ఒక రెండు వందలు దాని మీదుగా పంపి, ఏ బిల్లు జవాబు మారిందో చూడకుండా లైవ్‌లో పెట్టకూడదు. ఎవరు మార్చారు, ఎప్పుడు, పాత వాక్యం ఏమిటి, ఏ మోడల్ వెర్షన్, ఇవన్నీ క్లెయిమ్‌తో పాటు దాచాలి.

మాధవి_క్లెయిమ్స్:
బిల్లులు నేనిస్తాను. పోయిన మూడు నెలల్లో తేలినవి పేర్లు తీసేసి పంపుతాను. మీ ఇంజిన్‌లో, మోడల్‌లో రెండింట్లోనూ వేయండి. తేడా వచ్చిన వాటిని నేనూ సుధ గారూ కాగితం చూసి తేలుస్తాం. కానీ రూల్ వాక్యం మార్చే హక్కు మా డిపార్ట్‌మెంట్‌కే ఉండాలి. దాని మీద నేను తగ్గను.

రఘు_పాతకోడ్:
మార్చండి. లైవ్‌లోకి పంపే బటన్ మాత్రం ఇద్దరి దగ్గర ఉండాలి. దాని మీద నేనూ తగ్గను.

విజయనగరం_శ్రీను:
మీరంతా బాగానే మాట్లాడుకుంటున్నారు. మా నాన్నగారి క్లెయిమ్ ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

డా_సుధ:
ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగానికి వెళ్లి క్యాజువాలిటీ షీట్, నర్సింగ్ చార్ట్ కాపీలు అడగండి శ్రీను గారూ. మొదటి సెలైన్ బాటిల్ ఎక్కించిన సమయం చార్ట్‌లో రాసి ఉంటుంది. అది చేరిన రోజు ఉదయం 10:10 కంటే ముందు ఉంటే, ఆ కాపీలు జతచేసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు.

విజయనగరం_శ్రీను:
తెల్లవారుజామున తొమ్మిదింటికే... కాదు, ఉదయం తొమ్మిదింటికే క్యాజువాలిటీలో పడుకోబెట్టారమ్మా. నేను పక్కనే ఉన్నాను. రేపే వెళ్లి చార్ట్ అడుగుతాను.