అప్‌డేట్: గేమ్‌లో పింగ్ ఎగిరిపడే సమస్య తీరింది

నా ప్రశ్న: "స్పీడ్ టెస్టులో 100 ఎంబీపీఎస్ వస్తోంది. అయినా బెడ్‌రూంలో బీజీఎంఐ ఆడుతుంటే పింగ్ 40 నుంచి ఒక్కసారిగా 300 దాటుతోంది. ఎందుకు?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ముందు రౌటర్‌కే పింగ్ కొట్టి చూడమన్న సలహాతో చిక్కుముడి వీడింది.

```
ping 192.168.1.1
```

బెడ్‌రూంలో ల్యాప్‌టాప్ నుంచి కొడితే అది కూడా 2 నుంచి 200కి గెంతుతోంది. అంటే తేడా బయటి లైన్‌లో కాదు, ఇంట్లో వైఫైలోనే.

రౌటర్ టీవీ వెనక, చెక్క క్యాబినెట్‌లో ఉండేది. దాన్ని బయటికి తీసి, బెడ్‌రూం తలుపుకు ఎదురుగా తల ఎత్తున గోడకు బిగించాం. ఫైబర్ వైరు చాలక టెక్నీషియన్ వచ్చి పొడిగించాడు. తర్వాత సెట్టింగ్స్‌లో ఏ బ్యాండ్‌కు కలపాలో రౌటరే ఎంచుకునే బ్యాండ్ స్టీరింగ్ ఆపి, 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి, ఫోన్‌ను దానికే కలిపాను. 2.4 గిగాహెర్ట్జ్‌లో అపార్ట్‌మెంట్ వాళ్లందరి రౌటర్లూ 1, 6, 11 ఛానెళ్ల మీదే కిక్కిరిసి ఉన్నాయి మరి!

ఇప్పుడు గేమ్‌లో పింగ్ 40 దగ్గరే నిలకడగా ఉంటోంది. రెండు గోడలు దాటిన వంటింట్లో మాత్రం 5 అందదు, అక్కడ 2.4 తప్పదు. డీఎన్ఎస్ మార్చడం, పెద్ద ప్లాన్‌కు మారడం వల్ల పింగ్‌లో ఏ తేడా రాలేదు.