రేటు పెరిగింది, లోన్ పెరగలేదు. మిగిలిన మూడు సెమిస్టర్లకు లెక్క ఎలా వేసుకోవాలి?

కిరణ్:
అందరికీ నమస్కారం. నేను ఇక్కడికి వచ్చి ఐదు నెలలైంది. మొదటి సెమిస్టర్ ఫీజు కట్టేశాం. ఇంకా మూడు ఉన్నాయి, ఒక్కోదానికి 8,000. అద్దె, తిండి, బస్సు కలిపి నెలకు 900 అనుకున్నాం, ఇంకో 18 నెలలకు. ఏ దేశమైనా లెక్క ఒకటే కదా అని కరెన్సీ పేర్లు రాయడం లేదు. నాన్న లోన్ తీసుకున్నప్పుడు మారకపు రేటు 80, అంటే ఇక్కడి ఒకటికి ఇంటి డబ్బు 80. ఇప్పుడు నెట్‌లో 88 చూపిస్తోంది. లోన్‌లో ఇంకా 32 లక్షలు తీసుకోవచ్చు, అంతకు మించి లేదు. నాన్న పొద్దున్నే లేచి రేటు చూసి నాకు మెసేజ్ పెడుతున్నారు, ఆయన టెన్షన్ చూడలేకపోతున్నాను. రేటు పది శాతం పెరిగింది కాబట్టి నా ఖర్చు 900 నుంచి 810కి తగ్గించుకుంటే సరిపోతుందా? లేక మొత్తం ఫీజు ఇప్పుడే కట్టేయమంటారా?

రామారావు:
బాబూ, తొందరపడకండి. నేను ఇరవై రెండేళ్ళుగా బయటే ఉన్నాను. పెరిగిన రేటు దిగకుండా ఉండదు. ఆరు నెలలు ఓపిక పట్టండి, ఈలోగా అవసరమైనంతే తెప్పించుకోండి. బ్యాంకు వాళ్ళు కూడా రేటు పెరిగితే లోన్ దానంతటదే పెంచుతారు, మా అబ్బాయికి అలాగే పెంచారు.

విజయ్:
డబ్బు ఏ యాప్‌తో పంపుతున్నారో చెప్పలేదు. నేనైతే ఫీజు లేదని రాసి ఉన్నదానితోనే పంపుతాను, ఒక్క పైసా కూడా పోదు.

పద్మజ:
కిరణ్, 810 సరిపోదు. ముందు అది చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో ఇదే పొరపాటు జరుగుతుంది.

ఇంటి డబ్బు ఎంత అయిందని కాకుండా, ఉన్న లోన్‌తో ఇక్కడి డబ్బు ఎంత వస్తుందో చూడండి. నెట్‌లో కనిపించే 88 మీకు పడే రేటు కాదు. బ్యాంకు తన లాభం కలుపుకునే అమ్ముతుంది. రెండు శాతం అనుకుంటే మీకు పడేది 89.76. 32 లక్షలను దానితో భాగిస్తే దాదాపు 35,650 వస్తుంది. అందులో 24,000 ఫీజుకు పోవాల్సిందే, దాన్ని తగ్గించడం మీ చేతిలో లేదు. మిగిలేది 11,650. 18 నెలలకు పంచితే నెలకు 647.

అదే నెట్‌లో రేటు 80 దగ్గర ఉంటే, ఆ రెండు శాతం కలిపి మీకు 81.60 పడి, నెలకు 845 దాకా వచ్చేది. అంటే రేటు పది శాతం పెరిగితే మీ నెల డబ్బు పదో వంతు కాదు, దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఫీజు కదలదు కాబట్టి దెబ్బంతా తిండి, అద్దె మీదే పడుతుంది. ఇంకో మెట్టు చూడండి. మీకు పడే రేటు 97కి వెళితే నెలకు 499 మిగులుతుంది. మీ అద్దె ఎంతో రాయలేదు గానీ, 450 అనుకుంటే చేతిలో ఉండేది 49.

ఇప్పటి రేటుకు 900 చొప్పునే ఖర్చు పెడుతూ పోతే 13వ నెలలో డబ్బు అయిపోతుంది. అప్పటిదాకా అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. అందుకే ఇంట్లో వాళ్ళకు ఆలస్యంగా తెలుస్తుంది.

రామారావు గారూ, లోన్ దానంతటదే పెరగదండీ. మీ అబ్బాయి విషయంలో ఎవరో ఒకరు కొత్త ఖర్చుల అంచనా లెటర్ తెచ్చి మళ్ళీ దరఖాస్తు పెట్టి ఉంటారు. మంజూరైంది ఇంటి కరెన్సీలో అయితే, ఆ అంకె దగ్గరే ఆగిపోతుంది.

రామారావు:
లెటర్ మాట నిజమే, మా ఆవిడ తిరిగి తెచ్చింది, ఇప్పుడు అడిగితే చెప్పింది. కానీ రేటు దిగుతుందన్న మాట మీద నేను నిలబడతాను.

పద్మజ:
దిగొచ్చండీ, ఎప్పుడన్నదే ప్రశ్న. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు యూరో 1.20 ఫ్రాంకుల కంటే కిందికి పోకుండా పెట్టిన హద్దును ఎత్తేసింది. అదే రోజు ఫ్రాంకు ఒక్కసారిగా ఎగిసింది. యూరో మళ్ళీ ఆ 1.20ని తాకడానికి మూడేళ్ళు దాటింది. యూరోలు పంపే ఇళ్ళలో అక్కడ రెండేళ్ళ కోర్సు చదివిన పిల్లలు అప్పటికి చదువు ముగించుకుని వెళ్ళిపోయి ఉంటారు. అటు వైపూ జరిగింది లెండి, యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని బ్రిటన్ వేసిన 2016 జూన్ ఓటు తర్వాత పౌండు రాత్రికి రాత్రి పడిపోయి, పౌండ్లలో ఫీజు కట్టేవాళ్ళకు ఊరట దొరికింది. కిరణ్ చేతిలో ఉన్నది 18 నెలలే, రేటు ఈలోగానే తిరగాలని ఎక్కడా లేదు.

సుధీర్:
రేటు సంగతి సరే, డబ్బు పూర్తిగా చేరుతుందా అన్నది ఎవరూ చెప్పడం లేదు. నా అనుభవం రాస్తాను, కొత్తగా వచ్చినవాళ్ళు దయచేసి చదవండి.

నేను వచ్చినప్పుడు మూడు నెలల అద్దె అడ్వాన్సుగా అడిగారు, 1,350. నాన్న గురువారం బ్యాంకుకు వెళ్ళి రేటు మాట్లాడుకుని ఫారం ఇచ్చారు. మధ్యాహ్నం వాళ్ళు ఫోన్ చేసి అద్దె ఒప్పందం కాపీ అడిగారు. అందులో నా ఇంటిపేరు ముందు, పేరు వెనక ఉంది, పాస్‌పోర్టులో తిరగేసి ఉంది. ఆ ఒక్క కారణానికి శుక్రవారం గడిచిపోయింది. సోమవారం డబ్బు కదిలేసరికి గురువారం చెప్పిన రేటు లేదు, నాన్న ఇంకొంత సర్ది పంపారు. బుధవారం ఓనర్ అకౌంట్‌కు 1,322 చేరింది. మధ్యలో ఉన్న బ్యాంకు 28 కోసుకుంది. నేను 28 జేబులోంచి తీసి నోట్లు ఇస్తానన్నాను. ఒప్పుకోలేదు, మొత్తం అకౌంట్‌లో పడితేనే తాళం అన్నారు. తొమ్మిది రోజులు క్లాస్‌మేట్ హాల్లో సూట్‌కేస్ పక్కన పడుకున్నాను. ఆ 28 మళ్ళీ ఇంటి నుంచి పంపడానికి అయిన చార్జీ 28 కంటే ఎక్కువ.

ఫారంలో చార్జీలు ఎవరు భరిస్తారని ఒక గడి ఉంటుంది. SHA అంటే ఇద్దరూ పంచుకుంటారు, దారిలో కోత పడుతుంది. OUR అంటే చార్జీలన్నీ పంపేవాళ్ళే భరిస్తారు. ఫీజుకు, అద్దెకు పంపేటప్పుడు OUR పెట్టించండి. అది పెడితే ఇక దిగుల్లేదు.

పద్మజ:
సుధీర్ గారూ, చాలా కష్టపడ్డారు. OUR పెట్టించడం మంచిదే, కానీ దాని మీదే పూర్తిగా ఆధారపడకండి, అది పెట్టినా కోత పడిన సందర్భాలు చూశాను. గడువుకు పది రోజుల ముందు పంపి, యూనివర్సిటీ పోర్టల్‌లో బాకీ సున్నా అయిందో లేదో చూసుకోవడమే నమ్మకం.

విజయ్ గారూ, ఫీజు లేదని రాసి ఉన్నా రేటులో తీసుకోవచ్చు. ఇంట్లో ఖాతా నుంచి పోయిన మొత్తాన్ని, ఇక్కడ చేరిన మొత్తంతో భాగించండి. వచ్చేదే మీ అసలు రేటు. రెండు దారులను పోల్చాలంటే అదొక్క అంకె చాలు.

వసుంధర:
మొత్తం ఫీజు ఇప్పుడే కట్టేస్తే ఈ బాధే ఉండదు కదా. మేము మా చెల్లికి అలాగే కట్టాం, ఆ తర్వాత రేటు ఇంకా పెరిగింది, ఎంతో కలిసొచ్చింది.

పద్మజ:
మీరు సొంత డబ్బుతో కట్టారా అక్కా, లోన్‌తోనా? అక్కడే తేడా అంతా. లోన్ డబ్బు తీసిన రోజు నుంచి వడ్డీ నడుస్తుంది, లోన్ తిరిగి కట్టడం తర్వాత మొదలైనా సరే. సంవత్సరానికి 11 శాతం వడ్డీ అనుకోండి. 8,000 ఫీజు అంటే ఇప్పుడు 7,18,000. ఆరు నెలల ముందే కడితే దాని మీద వడ్డీ దాదాపు 39,500. అంటే ఆరు నెలల తర్వాత మీకు పడే రేటు 94.70 దాటితేనే ముందు కట్టినందుకు లాభం. దాటుతుందో లేదో నేను చెప్పలేను. సొంత పొదుపు అయితే పోయేది డిపాజిట్ వడ్డీయే కాబట్టి ఆ గీత ఇంకా కింద ఉంటుంది.

వసుంధర:
సొంత డబ్బేనండి, పొలం అమ్మినది. అయినా నాన్నగారికి నిద్ర పట్టిందంటే ఆ వడ్డీ నాకు లెక్కలోది కాదు. నా మాట మార్చుకోను.

పద్మజ:
అదీ నిజమే, కాదనను. కాకపోతే కట్టే ముందు ఒకటి అడగండి. మధ్యలో కోర్సు మారితే, లేదా స్కాలర్‌షిప్ వస్తే, ముందు కట్టింది ఎలా తిరిగి ఇస్తారో, ఎంత కోసుకుంటారో రాతపూర్వకంగా తీసుకోండి. నేనైతే వచ్చే సెమిస్టర్‌ది బిల్లు రాగానే కట్టేసి, ఆ తర్వాతి రెండింటినీ మూడు నాలుగు విడతల్లో కొనిపెడతాను. అన్నీ మంచి రేటుకు దొరకవు, అన్నీ చెడ్డ రేటుకూ పడవు.

శ్రావణి:
పార్ట్‌టైమ్ చేస్తే 900కి, 647కి మధ్య ఉన్న 253 పూడ్చుకోవచ్చు కదా? నేను నెలకు 400 దాకా సంపాదిస్తున్నాను.

పద్మజ:
ఆ డబ్బుకు ఒక గొప్పదనం ఉంది, ఇక్కడి కరెన్సీలోనే వస్తుంది కాబట్టి రేటు పెరిగినా తగ్గదు. కానీ వీసాలో వారానికి ఎన్ని గంటలని ఉందో అంతకు మించకూడదు. పరీక్షల నెలలో, సెలవుల్లో ఆదాయం పడిపోతుంది కూడా. నెలకు 200 రాసుకోండి, అది కూడా పని దొరికిన తర్వాతే. ఫీజు మాత్రం దాని మీద పెట్టుకోకండి.

కిరణ్:
పద్మజ గారూ, మీరు చెప్పినట్టు నాన్నతో కూర్చుని మొదటి సెమిస్టర్ కాగితాలు తీశాను. ఖాతా నుంచి 6,55,200 పోయింది, యూనివర్సిటీకి చేరింది 7,982. భాగిస్తే 82.09. అప్పుడు నెట్‌లో రేటు 80. అంటే మాకు పోతున్నది రెండు కాదు, రెండున్నర శాతం పైనే. దాంతో ఇప్పటి లెక్క నెలకు 635 వస్తోంది. సుధీర్ అన్నయ్య రాసింది చదివాక పోర్టల్ తెరిచి చూస్తే తక్కువ పడిన 18 బాకీగా కనిపిస్తోంది. నాలుగు నెలలుగా ఉందట, నాకు తెలియలేదు. ఇవాళ కార్డుతో కట్టేశాను.

నా అద్దె 410. 635లో అది పోగా 225. నా తిండి, బస్సు 290 దగ్గర ఆగుతున్నాయి, అంతకంటే తగ్గించలేను. అద్దెతో కలిపితే 700. ఇన్సూరెన్సు, పుస్తకాలు విడిగా ఉన్నాయి. నాన్న సోమవారం బ్యాంకుకు వెళ్తున్నారు. యూనివర్సిటీని కొత్త అంచనా లెటర్ అడిగాను, వారం పడుతుందన్నారు. ఫీజు విడతలుగా కట్టే సౌకర్యం ఉందా అని కూడా అడిగాను, ఇంకా జవాబు రాలేదు.

రామారావు:
బాబూ, బ్యాంకులో 88కి అంచనా వేయించవద్దని నాన్నగారికి చెప్పండి. 95 దగ్గర వేయించమనండి. మంజూరైనంతా తీయాల్సిన పని లేదు, తీసినదానికే వడ్డీ.

పద్మజ:
ఈ మాట మాత్రం రామారావు గారిదే సరైనది. కాకపోతే మంజూరు చార్జీ మొత్తం మీద తీసుకుంటారా, పెంచినదాని మీదేనా అని సంతకం పెట్టే ముందు అడగమనండి. లెటర్ రాగానే అందులో జీవన ఖర్చులు ఎంత వేశారో ఇక్కడ రాయండి, 900 కంటే తక్కువ వేస్తే సవరించమని అడగాలి.