లాభం 50,000 ఉండగా కార్యకలాపాల నగదు 28,000 మాత్రమే ఎందుకు?

ఫైనాన్స్ కోర్సు క్విజ్ కోసం ఒకే సంస్థ లాభనష్టాల ఖాతానూ, నగదు ప్రవాహ నివేదికనూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. నికర లాభం 50,000 ఉండగా, కార్యకలాపాల నగదు 28,000 మాత్రమే చూపారు. చేతి నుంచి డబ్బు పోని తరుగుదల 12,000 కలపడం, అరువు అమ్మకాల వల్ల పెరిగిన బాకీలు 30,000 తీసివేయడం సబబుగానే ఉంది. అప్పటికి 32,000 మిగులుతుంది. అయితే పాత యంత్రం అమ్మకంపై వచ్చిన 4,000 లాభాన్ని కూడా ఎందుకు తీసివేశారన్నదే నా సందేహం. ఆ యంత్రానికి వచ్చిన 10,000 మొత్తాన్ని పెట్టుబడుల విభాగంలో చూపారు కాబట్టి, తీసివేయకపోతే ఆ 4,000 రెండుసార్లు లెక్కలోకి వస్తుందని అనుకుంటున్నాను. ఇదే కారణమా? అలాగైతే, యంత్రాన్ని నష్టానికి అమ్మినప్పుడు ఆ నష్టాన్ని లాభానికి తిరిగి కలపాలా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.